బోర్డు మీద చివరి అంకె

ఒకప్పుడు పొద్దున పూట నాకు ఎంతమంది నమస్తే పెట్టేవాళ్లో చెబితే ఎవరూ నమ్మరు. పెద్ద ఆఫీసరుకి కూడా అన్ని నమస్తేలు వచ్చేవి కావు. నేను చేసిన ఉద్యోగమా, సుద్దముక్క పట్టుకొని బోర్డు రాయడం.

గోదావరిఖనిలో గనిని బాయి అంటాం. మా బాయి గేటు పక్కన ఒక నల్ల బోర్డు ఉండేది. నిన్న ఎంత బొగ్గు తీయాలనుకున్నాం, ఎంత తీశాం, ఎంత తక్కువ పడ్డాం అనేవి రోజూ దాని మీద రాయాలి. లోపలికి పోయే కార్మికుడు చూసి పౌరుషం తెచ్చుకోవాలని కాబోలు కంపెనీ ఉద్దేశం. పౌరుషం సంగతి నాకు తెలియదు. చాలామంది బోర్డు కింద సైకిల్ ఆపుకొని బీడీ కాల్చేవాళ్లు, అంతే.

ఆ ఉద్యోగం నా భర్త పోయాక వచ్చింది. ఆయన బాయిలో దిగేవాడు. కిడ్నీలు చెడిపోయి కంపెనీ దవాఖానలో పోయాడు. పిల్లలు లేరు. ఆయన స్థానంలో ఉద్యోగం నా మరిదికి ఇప్పించాలని అత్తింటివాళ్లు పట్టుబట్టారు. సంతకం పెట్టమని కాగితం నా ముందుకు తోశారు. నేను పెట్టలేదు. ఆ రోజుతో అత్తింటి ఊరి బస్సు నాకు మరిచిపోవాల్సిన బస్సయింది. మా అమ్మానాన్నలు అప్పటికే లేరు. మొదట ఆఫీసులో ఊడ్చే పని, నీళ్లు పెట్టే పని ఇచ్చారు. తర్వాత నా చేతిరాత గుండ్రంగా ఉందని బోర్డు అప్పగించారు. రెండు గదుల కంపెనీ క్వార్టరు ఇచ్చారు. ఇంట్లో మనిషి గొంతు వినబడాలని టీవీ పెట్టుకొని వంట చేసేదాన్ని. వార్తలు చదివే అమ్మాయికి ఒక్కోసారి జవాబు కూడా చెప్పేదాన్ని. ఒంటరితనం గురించి గొప్పగా రాసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అందులో గొప్ప ఏమీ లేదు. కూర ఎప్పుడూ ఎక్కువవుతుంది, అంతే.

బోర్డు మీదికి ఎక్కే అంకె నా చేతికి ఒక అన్న దగ్గర నుంచి వచ్చేది. ఆయన మా ఆఫీసులో సీనియర్ క్లర్కు. మూడు షిఫ్టుల్లో పైకి వచ్చిన టబ్బుల లెక్క ఆయన టేబుల్ మీదికి చేరేది. టబ్బంటే పట్టాల మీద బొగ్గు మోసే ఇనుప తొట్టి. ఆ లెక్కలు కలిపి, టన్నుల్లోకి మార్చి, ఒక చిన్న చీటీ మీద రాసి నాకిచ్చేవాడు. నేను బోర్డు రాశాక ఆ చీటీతోనే వేళ్లకంటిన సుద్దపొడి తుడుచుకొని పారేసేదాన్ని. ఆయన నన్ను చెల్లె అనేవాడు. ఆఫీసులో మిగతావాళ్లు నన్ను ఏమని పిలవాలో తెలియక "ఏమ్మా" అనేవాళ్లు. చెల్లె అన్నది ఆయన ఒక్కడే.

ఆఫీసు పందెం పెట్టింది కూడా ఆయనే. నెల చివర, ఆ నెల మొత్తం బొగ్గు ఎంత వస్తుందో అందరూ తలా ఒక అంకె చెప్పాలి. దగ్గరగా చెప్పినవాడు గెలిచినట్టు. ఓడినవాళ్లంతా కలిసి సమోసాలు, మిర్చి బజ్జీలు తెప్పించాలి. గెలిచినవాడితో పాటు అందరూ తినాలి. చీటీలన్నీ ఒక పాత హెల్మెట్‌లో వేసేవాళ్లం. ఒకసారి నన్ను కూడా అడిగారు.

"నాకేం తెలుసు అన్నా, నేను బాయిల దిగిన మనిషినా?" అన్నాను.

"దిగకుంటే ఏంది? రోజూ రాస్తున్నవు గదా. నోటికొచ్చింది చెప్పు. ఓడితే నాలుగు బజ్జీలు, గెలిస్తే నలభై బజ్జీలు" అన్నాడు.

ఓడిపోయాను. అయినా ఆ సాయంత్రం పదిమందితో నిలబడి బజ్జీ తిన్నాను. నా మాట మీద నవ్వారు, వాళ్ల మాట మీద నేను నవ్వాను. ఇంటికొచ్చి టీవీ పెట్టడం మరిచిపోయాను. తర్వాత నెల చివర ఎప్పుడొస్తుందా అని చూసేదాన్ని. జీతం కోసం అనుకునేవాళ్లు.

కొన్నాళ్లకు బజ్జీలు పోయి తలా పది రూపాయలు వచ్చాయి. గెలిచినవాడికే అన్నీ. బజ్జీలు తెచ్చే ఓపిక ఎవరికీ లేక అలా అయింది తప్ప ఎవరూ పెద్దగా ఆలోచించలేదు. కానీ పైసలు వచ్చాక గొణుగుడు మొదలైంది. ఏ యంత్రం చెడిపోయిందో, ఎక్కడ పైకప్పు బలహీనంగా ఉందో, ఏ షిఫ్టులో మనుషులు తక్కువో తెలిసినవాళ్లే ఎప్పుడూ గెలిచేవాళ్లు. కొత్తగా చేరిన పిల్లలకు ఏమీ మిగిలేది కాదు. వాళ్లు అలిగారు. అన్నకు ఎవరి మొహమైనా మాడితే తట్టుకోలేని గుణం ఉంది.

"సరే, ఇగ తెలివితోని పనిలేదు. రోజు లెక్కల చివరి అంకె చెప్పుండ్రి. సున్నా నుంచి తొమ్మిది దాకా. అందరు సమానం" అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను. తప్పు అక్కడే జరిగిందని నాకు తర్వాత అర్థమైంది. మొత్తం బొగ్గు ఎంతో చెప్పాలంటే బాయి తెలియాలి. చివరి అంకె చెప్పడానికి ఏమీ తెలియనక్కర్లేదు. బాయి మొహం చూడనివాడు కూడా ఆడొచ్చు. ఆడారు.

మధ్యలో తెలంగాణ కోసం సమ్మె వచ్చింది. బాయిలన్నీ ఆగిపోయాయి. మేమంతా రోడ్డు మీద టెంటు వేసుకొని కూర్చునేవాళ్లం. అక్కడే పొయ్యి పెట్టి వండేవాళ్లం. నా జీవితంలో అంతమందితో కలిసి అన్ని రోజులు అన్నం తిన్నది అప్పుడే. ఒక మధ్యాహ్నం అన్న, ఆయన భార్య, నేను గిన్నెలు కడుగుతున్నాం. ఆ వదిన మనిషి కొంచెం గంభీరం. ఎక్కువ మాట్లాడేది కాదు.

"నేను రిటైరయ్యేలోపల తెలంగాణ వస్తది సూడు చెల్లె" అన్నాడు అన్న.

"రాదన్నా. మనల్ని ఇట్లనే కూసుండబెడతరు" అన్నాను. కోపంతో అన్న మాట అది, నమ్మకంతో కాదు.

"పందెమా?"

"పందెమే."

"వస్తే నీ చేతి నాటుకోడి కూర. రాకుంటే మీ వదిన పెట్టిన మామిడికాయ తొక్కు ఒక జాడీ."

వదిన మొదటిసారి నవ్వింది. "నా తొక్కు మీద మీరు పందెం కాసుడేంది?" అంది. ఆ పందేనికి పైసా లేదు. మధ్యవర్తి లేడు. ఓడినవాడు ఎగ్గొడితే అడిగే దిక్కు కూడా లేదు.

సమ్మె ముగిసి బాయి మళ్లీ నడిచింది. చివరి అంకె ఆట మళ్లీ మొదలైంది. అదిగో, అప్పటి నుంచే నాకు నమస్తేలు ఎక్కువయ్యాయి. పొద్దున నేను సుద్దముక్క పట్టుకొని గేటు దగ్గరికి వచ్చేసరికి ఎదురుగా చాయ్ హోటల్ ముందు పదీ పదిహేనుమంది నిలబడి ఉండేవాళ్లు. బాయి మనుషులు కొందరు, ఆటోవాళ్లు కొందరు, అసలు నాకు తెలియనివాళ్లు కొందరు. "అక్కా నమస్తే", "బాగున్నవా అక్కా", "అక్క చీర మంచిగున్నది". చాయ్ హోటల్ ఆయన, అందరూ కాక అని పిలిచే మనిషి, నడుస్తూ వచ్చి నా చేతికి చాయ్ గ్లాసు ఇచ్చేవాడు. పైసలు తీసుకునేవాడు కాదు.

నేను పొంగిపోయాను. దాచుకోవడం దేనికి? ఇన్నేళ్లకు నన్ను మనిషిగా చూస్తున్నారని అనుకున్నాను. రెండు మంచి చీరలు కొనుక్కున్నాను. బోర్డు రాసేటప్పుడు అంకెలు ఇంకా గుండ్రంగా, నెమ్మదిగా రాసేదాన్ని. చివరి అంకె దగ్గరికి వచ్చేసరికి వెనకాల అంతా నిశ్శబ్దమైపోయేది. నా రాతకు అంత విలువ ఇస్తున్నారు అనుకున్నానంటే నా తెలివి ఏపాటిదో చూడండి.

ఒకసారి జ్వరం వచ్చి మంచం పట్టాను. నా బదులు ఎవరో బోర్డు రాశారు. ఇంటి తలుపు ఒక్కరు కూడా తట్టలేదు. మళ్లీ డ్యూటీకి వచ్చిన రోజు, మొహం పీక్కుపోయి నిలబడితే, నా చీరను రోజూ మెచ్చుకునే ఆటో అతను నవ్వుతూ ఎదురొచ్చాడు.

"అక్కా, నువ్వు లేకుంటే బోర్డు మస్తు లేటైతున్నది. ఏడు ఏదో ఒకటి ఏదో తెలుస్తలేదు వాని రాతల" అన్నాడు.

జ్వరం గురించి అడుగుతాడేమో అని ఇంకాసేపు నిలబడ్డాను. అడగలేదు.

ఆ రోజే అన్నను పట్టుకొని నిలదీశాను. గేటు ముందు ఏం జరుగుతోందని అడిగాను. ఆయన అంతా చెప్పాడు. మా ఆఫీసు ఆట హోటల్ దాకా పాకింది. కాక తన వెనక గదిలో చివరి అంకె మీద పైసలు కట్టించుకుంటున్నాడు. అంకె తగిలితే రూపాయికి ఎనిమిది రూపాయలు ఇస్తాడు. ఉన్న అంకెలు పది కాబట్టి, రోజులు గడిచేకొద్దీ మిగులు ఎటు పోతుందో వేరే చెప్పక్కర్లేదు. బసంత్‌నగర్‌లో లారీవాళ్ల దగ్గర కూడా కాక మనిషి కట్టించుకుంటున్నాడు. అక్కడివాళ్లకు మా బోర్డు కనబడదు కదా, అందుకని నేను రాయగానే అన్న ఫోన్ చేసి అంకె చెప్తున్నాడు. దానికి కాక నెలనెలా ఆయనకు ఎంతో కొంత ఇస్తున్నాడు.

"గిదేంది అన్నా? మనం బజ్జీల కోసం ఆడుకున్నది గిట్ల బజార్ల పెట్టినవా?" అన్నాను.

"నేనేడ పెట్టిన చెల్లె? నేను అంకె చెప్తున్న. బోర్డు మీద అందరికి కనవడేదే గదా. దొంగతనమా?"

"దొంగతనం కాకుంటే పైసలెందుకు ఇస్తుండు?"

ఆయన ఫైళ్లు సర్దుకోవడం మొదలుపెట్టాడు. నా దగ్గర కోపం తప్ప ఏమీ లేదు. ఆ కోపం నిజానికి ఆటను చూసి కాదు. ఆ నమస్తేలన్నీ అంకెకు పెట్టినవి అని తెలిసినందుకు. మర్నాటి నుంచి కాక చాయ్ తెస్తే వద్దన్నాను. అతను గ్లాసు బోర్డు కింద పెట్టి పోయేవాడు. చల్లారిపోయేది.

తర్వాత ఒక పొద్దున, మామూలుగానే అన్న చీటీ ఇచ్చాడు. నేను రాశాను. చివర నాలుగు. వెనకాల ఒకడు ఈల వేశాడు, ఇద్దరు బూతులు తిట్టారు, అందరూ చెదిరిపోయారు. నేను లోపలికి వచ్చి చేతులు కడుక్కుంటుంటే అన్న గబగబా వచ్చాడు.

"చెల్లె, తప్పు వడ్డది. మూడో షిఫ్టుల కొన్ని టబ్బులు రెండుసార్లు కలిపిన. బోర్డు మార్చాలె" అన్నాడు.

ఇలాంటివి నెలకు ఒకటో రెండో వచ్చేవి. తడిగుడ్డతో తుడిచి సరిగ్గా రాసేవాళ్లం. పై ఆఫీసుకు పోయే లెక్కా, బోర్డు మీది లెక్కా ఒకటే ఉండాలి, లేకపోతే మాకు తిట్లు పడతాయి. అంకె మారిస్తే హోటల్ గదిలో ఏమవుతుందో ఆ క్షణంలో మా ఇద్దరికీ తట్టలేదు. మా మెదళ్లు ఆఫీసు మెదళ్లు. లెక్క తప్పితే దిద్దడం తప్ప ఇంకోటి తెలియదు. నేను పోయి నాలుగు తుడిచి తొమ్మిది రాశాను.

అప్పటికే హోటల్ వెనక గదిలో నాలుగు మీద కట్టినవాళ్లకు పైసలు పంచుతున్నారట. తొమ్మిది మీద కట్టినవాళ్లు బోర్డు చూసి పరుగెత్తారు. మా పైసలు మాకివ్వమని వాళ్లు, ఇచ్చినవి వెనక్కి ఇచ్చేది లేదని వీళ్లు. గ్లాసులు పగిలాయి. ఒకడి తల పగిలింది. తర్వాత అంతా గేటు వైపు తిరిగారు.

"గా అక్కతోటి మార్పిచ్చిండ్రు! అంకె అమ్ముకున్నది!" అని అరిచాడు ఒకడు. చూస్తే ఆటో అతను. చేతిలో ఉన్న గాజు గ్లాసు విసిరాడు. అది బోర్డుకు తగిలి ముక్కలైంది. నేను బోర్డు కిందే నిలబడి ఉన్నాను, చేతిలో తడిగుడ్డ పట్టుకొని. కదలాలని కూడా తోచలేదు. ఎవరో సెక్యూరిటీ మనిషి నన్ను లోపలికి లాగి గేటు వేశాడు.

ఒకడి తల పగిలిందని తెలిసి పోలీసులు వచ్చారు. వెనక గది సోదా చేసి కాకను, పందేలు రాసుకునేవాణ్ణి, ఆడుతున్నవాళ్లను పట్టుకుపోయారు. పైసలు, ఫోన్లు, అంకెల చీటీలు మూటగట్టారు. మధ్యాహ్నం ఎస్సై మా మేనేజర్ గదిలో కూర్చుని అందరినీ పిలిపించాడు. యువకుడు, కానీ మాట తీరు నిదానం.

"మీ ఆఫీసుల బజ్జీల పందెం జోలికి నేను రాను. నలుగురు దోస్తులు కలిసి తినేదానికి నేనెందుకొస్త? కానీ పైసలు పెట్టి, అదృష్టం మీద అంకె ఆడితే, చట్టం లెక్క ప్రకారం అది జూదమే. మీ పది రూపాయలది గూడ మంచి పద్ధతి కాదు, బంద్ చెయ్యుండ్రి. ఇగ ఒకడు జాగ చూపెట్టి, కమిషన్ మిగిలిచ్చుకొని నడిపిండంటే అది జూదం అడ్డా. ఆడినోనికీ కేసు, నడిపినోనికి ఇంకా పెద్ద కేసు. దానికి చెయ్యి సాయం ఇచ్చినోడు కూడా తప్పిచ్చుకోలేడు. ఇప్పుడు చెప్పుండ్రి, అంకె ఎవరు మార్చిండ్రు?"

"నేనే మార్చిన సార్" అన్నాను. మార్చింది నేనే కదా.

అందరూ నావైపు చూశారు. అంతమంది ఒక్కసారి నన్ను చూడడం అదే మొదలు. ఆ చూపులు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

పోలీసులు నా మీద వెంటనే ఏమీ పెట్టలేదు. కంపెనీ మాత్రం పెట్టింది. జూదం నడిపేవాళ్లతో కలిసి బోర్డు మార్చానని ఆరోపణ. విచారణ జరిగి రుజువైతే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే క్వార్టరు పోతుంది. క్వార్టరు పోతే నేను వెళ్లడానికి ఒక ఊరు లేదు, ఒక గడప లేదు. మరిది సంగతి చెప్పాను కదా. ఆ వారాల్లో నేను గోడ మీది మేకులను కూడా చూసుకుంటూ ఉండేదాన్ని, ఏమేం పీక్కుపోవాలా అని. పక్క క్వార్టరువాళ్లు నన్ను చూసి తలుపు దగ్గరగా వేసుకునేవాళ్లు. ఆఫీసులో నా టేబుల్ దగ్గరికి ఎవరూ వచ్చేవాళ్లు కాదు. అన్న కూడా రాలేదు. ఆయన రాకపోవడమే నన్ను ఎక్కువ కోసింది.

యూనియన్ మనిషి ఒకాయన వచ్చి సలహా చెప్పాడు. "తుది లెక్క సరైందేనని టబ్బుల లెక్క చెప్తున్నది. అది నీకు మంచిదే. కానీ మొదలు తప్పు అంకె ఎందుకు వచ్చిందని అడుగుతరు. చీటీల తప్పు ఉన్నదా, నువ్వు తప్పు రాసినవా? చీటీ ఏది?"

చీటీ ఏదీ? సుద్దపొడి తుడిచి పారేశాను. అంటే ఇక మిగిలింది అన్న చెప్పే మాట ఒక్కటే. నేను సరిగ్గానే ఇచ్చాను, ఆమే తప్పు రాసి తర్వాత మార్చింది అంటే చాలు. ఆయన బయటపడతాడు, నేను పోతాను. ఫోన్ సంగతి ఇంకా ఎవరికీ తెలియదు. కాక ఆయన పేరు చెప్పలేదు. ఆయనకు భార్య ఉంది, చదువుకునే పిల్లలున్నారు, రిటైర్మెంటు దగ్గర్లో ఉంది. నేను ఒక్కదాన్ని. ఎవరైనా లెక్క వేస్తే నేనే పోవాలి. నేను కూడా అలాగే లెక్క వేసుకున్నాను.

విచారణ రోజు నన్ను బయట బెంచీ మీద కూర్చోబెట్టి ముందు ఆయనను పిలిచారు. తలుపు సగం తెరిచి ఉంది. మాటలు వినబడుతున్నాయి.

"చీటీల తప్పు నాది సార్. టబ్బులు రెండుసార్లు కలిపింది నేను. ఆమె నేను ఇచ్చింది రాసింది. నేను మార్చమంటే మార్చింది. ఆమెకు ఇంకేం తెల్వది."

కుర్చీ చప్పుడు. విచారణ చేసే అధికారి "సరే, వెళ్లొచ్చు" అన్నాడు. అంతటితో ఆయన లేచి రావచ్చు. రాలేదు.

"ఇంకోటున్నది సార్. ఇంతే చెప్తే ఆమె మీద అనుమానం ఉంటనే ఉంటది. చివరి అంకె ఆట ఆఫీసుల మొదలు పెట్టింది నేనే. బసంత్‌నగర్‌కు అంకె ఫోన్ల చెప్పింది నేనే. హోటలాయన దగ్గర పైసలు తీసుకున్న. ఆమె వద్దని లొల్లి పెట్టింది, నేను ఇనలే."

నేను బెంచీ అంచు పట్టుకున్నాను. లోపలికి వెళ్లి ఆయన నోరు మూయాలనిపించింది. మూయలేదు. చెప్పనీయి అనుకున్నాను. బతకాలని ఉంది నాకు, అది కూడా చెప్పేస్తున్నాను.

బయటికి వచ్చినప్పుడు నావైపు చూడలేదు. చెల్లె అనలేదు. చెప్పులు వేసుకొని మెట్లు దిగి పోయాడు.

నా మీద ఆరోపణ కొట్టేశారు. ఆయన మీద పోలీసు కేసు కూడా పడింది. కోర్టులో ఒప్పుకొని జరిమానా కట్టాడు. కంపెనీ సస్పెండ్ చేసి, తర్వాత ఇంక్రిమెంట్లు కోసి భూపాలపల్లికి బదిలీ చేసింది. వెళ్లే రోజు సామాను లారీలోకి ఎక్కిస్తుంటే నేను వాళ్ల వీధి చివరి దాకా పోయాను. వదిన నన్ను చూసింది. చూసి, చేతిలోని బకెట్ లారీలోకి అందించి, లోపలికి వెళ్లిపోయింది. నేను వెనక్కి వచ్చేశాను. ఒంటరి ఆడదాని కోసం మొగుడు ఉద్యోగం మీదికి తెచ్చుకున్నాడని ఊరంతా అనుకుంటుంటే ఆమె మాత్రం నాకు కుర్చీ వేస్తుందా?

మేనేజర్ బోర్డు పద్ధతి మార్చాడు. ఇకమీదట లెక్కను పదుల్లోకి సవరించి రాయాలి, చివర ఎప్పుడూ సున్నానే. మొదటి రోజు సున్నా పెట్టి వెనక్కి తిరిగాను. గేటు ముందు ఒక్క మనిషి లేడు. హోటల్‌కు తాళం. ఒక కుక్క పడుకుని ఉంది. ఆఫీసులో పందెం మాట ఎవరూ ఎత్తలేదు, బజ్జీలకు కూడా. పాత హెల్మెట్‌లో ఎవరో గుండుసూదులు పోసి పెట్టారు. ఆ తర్వాత రెండేళ్లు నేను ఆ సున్నాలు రాశాను. అన్న దగ్గర నుంచి కబురు లేదు. నేను చేసిన ఫోన్లకు జవాబు రాలేదు.

తెలంగాణ వచ్చింది. ఆ రోజు గోదావరిఖని అంతా రోడ్ల మీదే ఉంది. రంగులు, డప్పులు, పటాకులు. నా మొహానికి కూడా ఎవరో గులాల్ పూశారు, ఎవరో తెలియదు. నేను ఇంటికొచ్చి మొహం కడుక్కోకుండానే లెక్క వేశాను. అన్న రిటైరవ్వడానికి ఇంకా కొన్ని నెలలు ఉన్నాయి. నేను ఓడిపోయాను.

మర్నాడు సెలవు పెట్టి నాటుకోడి తెచ్చి వండాను. ధనియాలు, ఎండుకొబ్బరి వేయించి నూరాను. స్టీలు క్యారియర్ నిండా సర్ది, మంథని మీదుగా పోయే బస్సెక్కాను. దారంతా క్యారియర్ ఒళ్లో వేడిగా ఉంది. భూపాలపల్లిలో వాళ్ల క్వార్టరు అడుగుతూ పోయేసరికి మధ్యాహ్నమైంది. గుమ్మం ముందు ఆయన చెప్పులున్నాయి. తలుపు వదిన తీసింది. జుట్టు బాగా నెరిసింది.

"ఆయన లేడు" అంది.

ఇద్దరం చెప్పుల వైపు చూశాం.

"పందెం ఓడిన వదినా. ఇచ్చిపోదామని వచ్చిన" అన్నాను.

ఆమె క్యారియర్ అందుకుంది. "ఎండల వచ్చినవు" అంది. లోపలికి రమ్మనలేదు. తలుపు వేసింది. నేను బస్టాండుకు నడిచాను. ఆకలిగా ఉంది, పొద్దున కూర రుచి చూడడం తప్ప ఏమీ తినలేదు. ఏడుపు రాలేదు. క్యారియర్ పోయింది, ఇక ఇంట్లో ఉన్న ఒక్క గిన్నెలోనే డ్యూటీకి అన్నం తెచ్చుకోవాలి అని మాత్రం అనుకున్నాను.

కొన్నాళ్లకు అటు నుంచి వచ్చిన కంపెనీ బస్సు డ్రైవర్ మా గేటు దగ్గర దిగి, "గీడ బోర్డు రాసే అక్క ఎవరు?" అని అడిగాడు. నా క్యారియర్ ఇచ్చి పోయాడు. శుభ్రంగా తోమి ఉంది. మూతలు బిగించి, పైన పాతచీర ముక్కతో ముడి వేసి ఉంది. బరువుగా అనిపించి బోర్డు కిందే కూర్చుని విప్పాను. నాలుగు గిన్నెల్లోనూ నూనె తేలుతూ ఆ ఏడాది కొత్త మామిడికాయ తొక్కు.

పందెంలో గెలిచింది వాళ్లు. తొక్కు ఇవ్వాల్సిన పని వాళ్లకు లేదు.

ఒక్కదానికే కాబట్టి, ఆ తొక్కు నాకు మళ్లీ మామిడికాయలు వచ్చేదాకా సరిపోయింది.